అరెకరం పొలం, ఒక చలివేంద్రం, ధర్మం అనే మాట

మా నాన్నగారు గుంటూరు బ్రాడీపేటలో నలభై ఏళ్ళు దస్తావేజులు రాశారు. నేను దస్తావేజులు రాయను, రాసినవాటిని ఇంగ్లీషులోకి మారుస్తాను. అమ్మకం కాగితాలు, భాగపంపకాలు, వీలునామాలు, ఇలాంటివే. పిల్లలు బయటి దేశాల్లో స్థిరపడ్డ ఇళ్ళు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి కాబట్టి నాకు పనికి లోటు లేదు.

కిందటి ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో తెనాలి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు కాగితాలు. ఒకటి వాళ్ళ మామగారి తండ్రి 1938లో రాయించిన దస్తావేజు నకలు. రెండోది దానికి ఎవరో చేసిపెట్టిన ఇంగ్లీషు అనువాదం. దాన్ని ఆవిడ అమెరికాలో ఉన్న కొడుక్కి పంపితే, అతను చదివి ఫోన్ చేశాడట. "ఇది మతానికి రాసిన పొలమని ఉందమ్మా. మనం పూజలూ అవీ చేయించేవాళ్ళం కాదు కదా. ఏదైనా గుడికి ఇచ్చేద్దాం, లేదా అమ్మేసి ఆ డబ్బు గుడికి కడదాం" అన్నాడట.

"గుడి ఎక్కడుందయ్యా అందులో?" అంది ఆవిడ. "మా పెద్దాయన రాసింది చలివేంద్రానికి."

దస్తావేజు తీసి చూశాను. బాగా మాసిన నకలే గాని అక్షరాలు తెలుస్తున్నాయి. "సదరు అరెకరం మాగాణి మీద వచ్చు అయివేజుతో ప్రతి వేసవిలోను చలివేంద్రం పెట్టించి బాటసారులకు మంచినీళ్ళు, మజ్జిగ ఇప్పించు ధర్మం మా వంశస్థులు ఆచంద్రార్కం నడపవలెను. ఈ ధర్మమునకు ఎవ్వరును విఘాతం కలుగజేయరాదు." అనువాదంలో మొదటి "ధర్మం" దగ్గర రిలీజియస్ డ్యూటీ అని ఉంది. రెండోచోట ఒట్టి రిలీజియన్ అని ఉంది. చలివేంద్రం అన్న మాటకి అర్థం తెలియలేదేమో, అక్కడ నీళ్ళ ఏర్పాటు అన్నట్టు ఏదో ముక్తసరిగా రాసి వదిలేశారు. దాంతో అభిషేకానికో తీర్థానికో సంబంధించిన నీళ్ళనుకున్నాడు ఆ కుర్రవాడు. అతని తప్పేమీ లేదు. అతనికి అందిన కాగితంలో నిజంగా మతమే ఉంది.

అప్పటినుంచి ఈ మాట నన్ను వదల్లేదు. ధర్మం అంటే మతం అని, లేదంటే కర్తవ్యం అని మనం ఎంత తేలిగ్గా అనేస్తున్నామో, అలా అనేసినప్పుడు ఏది జారిపోతోందో చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు మతం సంగతి. విజయవాడ పక్కన గొల్లపూడిలో మన రాష్ట్ర దేవాదాయ ధర్మాదాయ శాఖ కమిషనర్ కార్యాలయం ఉంది. ఆ బోర్డు మనందరం ఎప్పుడో ఒకప్పుడు చదివిందే, ఆగి ఆలోచించం అంతే. దేవాదాయం వేరు, ధర్మాదాయం వేరు. దేవుడికి, అంటే గుడికి, అర్చనకి, ఉత్సవానికి రాసిచ్చింది దేవాదాయం. సత్రానికి, చెరువుకి, అన్నదానానికి, చదువుకి రాసిచ్చింది ధర్మాదాయం. ఈ శాఖ నడిచే 1987 నాటి చట్టం ఇంగ్లీషు పేరులో కూడా చారిటబుల్ అని ఒకటి, రిలీజియస్ అని ఒకటి విడివిడిగా ఉన్నాయి. అందులో మన ధర్మానికి దొరికిన జోడీ రిలీజియస్ కాదు, చారిటబుల్. ధర్మం అంటే మతమే అయ్యుంటే ఆ శాఖకి రెండు పేర్లు ఎందుకు?

ఇంకొంచెం ముందుకెళ్ళి ఇంద్రకీలాద్రి ఎక్కుదాం. దుర్గమ్మ గుడిలో టిక్కెట్టు క్యూలు ఉంటాయి, ధర్మదర్శనం క్యూ ఉంటుంది. గుడి ఒకటే, అమ్మవారు ఒకరే, మొక్కుకునేవాళ్ళ మతం ఒకటే. మరి ఆ ఒక్క వరసనే ధర్మదర్శనం అని ఎందుకంటున్నాం? డబ్బున్నా లేకున్నా ఎవరైనా వెళ్ళొచ్చు కాబట్టి. మతానికి నడిబొడ్డైన గుడిలోనే ధర్మం అన్న మాట మతాన్ని సూచించడం లేదు. అందరికీ తెరిచి ఉండడాన్ని సూచిస్తోంది.

మా వీధిలో లూథరన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. గుంటూరులో ఆ మిషన్ 1842 నుంచీ ఉంది. వాళ్ళ ఇళ్ళలో చదివే తెలుగు బైబిల్లో మత్తయి సువార్త అయిదో అధ్యాయం తీస్తే మోషే ఇచ్చిన కట్టడల్ని "ధర్మశాస్త్రము" అంటుంది. ఒక్క పేజీ తిప్పి ఆరో అధ్యాయానికి వస్తే "నీవు ధర్మము చేయునప్పుడు" అని ఉంటుంది, అక్కడ అర్థం బీదలకి ఇవ్వడం. మూలంలో ఈ రెండుచోట్లా ఉన్నవి వేరు వేరు గ్రీకు మాటలు. అనువాదం చేసినవాళ్ళు రెండుచోట్లా ఒకే మాట వాడారు, ఎవరూ తికమకపడలేదు, ఇది హిందువుల మాట కదా అని పక్కన పెట్టలేదు. తెలుగులో ఈ మాట ఏ ఒక్క మతం ఇంట్లోనూ బందీగా లేదు.

అసలు "మతం" అన్న మాటే ఇంకోచోట నుంచి వచ్చింది. "మన్" అంటే తలచడం, మతం అంటే తలచినది, అంటే అభిప్రాయం. సమ్మతం, అభిమతం, ఏకమతం అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. మతం మనిషి నమ్మేది. నమ్మినా నమ్మకపోయినా నిలబెట్టేది ధర్మం. "ధృ" అనే ధాతువుకి పట్టి ఉంచడం, మోయడం అని అర్థం. ధరించు, ధరణి, ఆధారం, ధారణ అన్నీ దాని పిల్లలే. మనం బడిలో "లోహాల ధర్మాలు" అని చదువుకున్నాం. రాగికి మతం ఉండదు, కర్తవ్యమూ ఉండదు. వేడినీ కరెంటునీ తనలోంచి పోనివ్వడం దాని ధర్మం. రాగిని రాగిగా పట్టి ఉంచేది అదే. ఏడో తరగతి పిల్లలకి తెలుగు మీడియంలో ఇది వింతగా తోచదు.

ఇప్పుడు నా పనికి నేరుగా తగిలే కథకి వస్తాను. మాట అర్థం పోతే నిజంగా ఆస్తి ఎలా పోతుందో ఇందులో కనిపిస్తుంది.

బొంబాయిలో ఒకాయన వీలునామా రాస్తూ ఆస్తిలో కొంత "ధరమ్"కి అని రాశాడు. ఆ పైన వివరం లేదు. తగాదా కోర్టుకెక్కి, పైపైకి పోయి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. అప్పట్లో మనకి అదే ఆఖరి కోర్టు. రణఛోడ్‌దాస్ వర్సెస్ పార్వతీబాయి అని లా పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటుంది, తీర్పు 1899లో వచ్చింది. న్యాయమూర్తులు విల్సన్ నిఘంటువు తెరిచారు. అందులో ఆ మాటకి చట్టం, సద్గుణం, చట్టపరమైన లేదా నైతికమైన విధి అన్న అర్థాలు ఉన్నాయి. ఇంత విశాలమైన మాటని పట్టుకుని ధర్మకర్త చేత ఫలానా పని చేయించడం ఏ కోర్టుకీ సాధ్యం కాదు, కాబట్టి ఈ రాత చెల్లదు అన్నారు. ధర్మానికి అనుకున్న ఆస్తి ధర్మానికి అందలేదు.

వాళ్ళ తర్కంలో ఒక న్యాయం ఉంది, అది ఒప్పుకోవాలి. ఇంగ్లండులో 1805లోనే ఇలాంటి తీర్పు ఒకటి వచ్చింది. ఒకావిడ తన ఆస్తిని ఉపకారానికీ ఉదారతకీ ఖర్చు పెట్టమని ఒక బిషప్పుకి అప్పగిస్తే, అది పట్టు లేని మాట అని కొట్టేశారు. ధర్మకర్త సొమ్ము తినేశాడా, సరిగ్గా ఖర్చు పెట్టాడా అని కోర్టు తేల్చాలంటే ఏ పని చేయాలో ముందు తెలిసుండాలి కదా. ఆ భయం సరైనదే. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆ మాట వీలునామాలో ఏమవుతుందో అడగాల్సినచోట నిఘంటువులో ఏముందో చూశారు. వేదాల దగ్గర్నుంచి స్మృతుల దాకా ఆ మాటకున్న అర్థాలన్నీ ఒక్క వరసలో పేర్చితే అది విశాలంగానే కనిపిస్తుంది. అలా పేర్చితే "కాలు" కూడా పట్టు లేని మాటే: మంచం కాలు, మనిషి కాలు, నిప్పు తగిలితే చెయ్యి కాలు. కానీ మంచం కొనేటప్పుడు ఎవరికీ అనుమానం రాదు.

దానానికి సంబంధించి ధర్మం అంటే ఏమిటో మన దగ్గర గట్టి సంప్రదాయమే ఉంది. ఇష్టం, పూర్తం అని రెండు. ఇక్కడ ఇష్టం అంటే ప్రేమ కాదు, యజ్ఞయాగాది క్రతువులు. పూర్తం అంటే బావి, చెరువు, తోట, సత్రం, అన్నదానం, గుడి కట్టించడం లాంటివి. ఆ రోజుల్లో గుంటూరు కూడా మద్రాసు హైకోర్టు కిందే ఉండేది. 1907లో అచ్చయిన ఒక మద్రాసు తీర్పులో జస్టిస్ సుబ్రహ్మణ్య అయ్యర్ సరిగ్గా ఈ సంగతే ఎత్తి చూపారు. దానం విషయంలో వాడినప్పుడు ధర్మం అంటే ఇష్టాపూర్తాలేనని, అందులో అస్పష్టత ఏమీ లేదని ఆయన వాదన. ఆ మాటని ఇంట్లో విన్న మనిషి ఆయన. కానీ పై కోర్టు మాటే పై మాట, ఆయన చెప్పింది పక్కన ఉండిపోయింది.

మా నాన్నగారు ఎవరు దానపత్రం రాయించుకోడానికి వచ్చినా ఒకటే మాట అనేవారు. "ఒట్టి ధర్మానికి అని రాయకూడదు, ఏ ధర్మమో రాయాలి. ఊరు, స్థలం, నెల, ఇచ్చే వస్తువు అన్నీ పడాలి." చిన్నప్పుడు అది ఆయన చాదస్తం అనుకునేవాణ్ణి. ఆ జాగ్రత్త వెనక 1899 నాటి తీర్పు ఉందని తర్వాత తెలిసింది. తెనాలి పెద్దాయన 1938లో రాయించిన దస్తావేజు బతికి బట్టకట్టింది కూడా అందుకే. ఆ లేఖరి ఎవరో గాని చలివేంద్రం, వేసవి, మంచినీళ్ళు, మజ్జిగ అని వివరంగా పెట్టాడు.

ప్రీవీ కౌన్సిల్ తీర్పు వచ్చిన ఎనభై ఏళ్ళకి సుప్రీంకోర్టులో ఇదే మాట మళ్ళీ లేచింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక నూలు మిల్లు సరుకు అమ్మినప్పుడల్లా బిల్లులో ధరకి అదనంగా "ధర్మాదా" అని చిన్న మొత్తం వసూలు చేసేది. ఆదాయపు పన్ను శాఖ అది మీ ఆదాయమే అంది, ధర్మం అనేది పట్టు లేని మాట కాబట్టి దానధర్మాల ఖాతా కింద లెక్క కాదంది. 1979 నాటి లా రిపోర్టుల్లో ఆ తీర్పు ఉంది. పాత తీర్పుని కొట్టేయలేదు గాని, వ్యాపారుల వాడుకలో ధర్మాదా అంటే దానధర్మాలకి పక్కన పెట్టిన సొమ్మేనని, ఇచ్చే కొనుగోలుదారుకీ పుచ్చుకునే మిల్లుకీ ఆ సంగతి మొదట్నుంచీ తెలుసని, కాబట్టి అది మిల్లు ఆదాయం కాదని కోర్టు తేల్చింది. ఈసారి నిఘంటువుని కాకుండా బజారుని అడిగారు. బజారుకి తెలుసు.

బజారు అంటే మనకి మిర్చి యార్డే కాబట్టి అక్కడికే తీసుకెళ్తాను. సీజన్లో యార్డు రోడ్డు మీద లారీలు బారులు తీరి ఉంటాయి, టిక్కీల ఘాటుకి కళ్ళు మండుతుంటాయి. తూకం దగ్గర అమ్మేవాడికీ కొనేవాడికీ మాట తేడా వస్తే "ధర్మకాటాకి పోదాం పద" అంటారు. ఒకసారి మా బావమరిదితో వెళ్ళి ఆ పని మొత్తం దగ్గరుండి చూశాను. లారీ నేలతో సమానంగా ఉన్న ఇనప పలక మీదికి ఎక్కుతుంది. డ్రైవర్‌నీ క్లీనర్‌నీ దిగమంటారు. గదిలో మనిషి బరువు చూసి చీటీ ప్రింటు తీస్తాడు. సరుకు దించాక ఖాళీ లారీ మళ్ళీ వచ్చి అదే పలక ఎక్కుతుంది. మొదటి బరువులోంచి రెండోది తీసేస్తే సరుకు. ఆ రోజు రెండో తూకానికి వచ్చేసరికి క్లీనర్ క్యాబిన్లో నిద్రపోతున్నాడు. గదిలోని మనిషి బయటికి వచ్చి తలుపు కొట్టి లేపి దింపాడు, అప్పుడే తూచాడు. ఖాళీ లారీలో మనిషి ఉండిపోతే ఆ మనిషి బరువు మేర సరుకు తక్కువ పడుతుంది, నష్టం రైతుకి. ఆ లేపినవాడు రైతు తరపువాడు కాదు, వ్యాపారి తరపువాడూ కాదు. ఎవరు అడక్కపోయినా లేపాడు.

దాన్ని ధర్మకాటా అని ఎందుకంటాం? మతం తూచే కాటా కాదు, విధులు తూచే కాటా కాదు. ఇద్దరిలో ఎవరి చెయ్యీ దాని మీద లేదు, ఇద్దరి లావాదేవీనీ అదే పట్టి ఉంచుతోంది. అది కూలితే రేపు ఎవడూ ఎవడి దగ్గరా కొనడు. పట్టి ఉంచేది అన్న ఆ పాత ధాతువర్థం ఇనప పలక రూపంలో మన గుంటూరులో రోజూ లారీల్ని మోస్తోంది. ధర్మాసనం, ధర్మవడ్డీ, ధర్మసందేహం, "నీ ధర్మమా అని నా పని అయింది" అన్నీ దీనికి దగ్గరివే. ఆ ఆఖరిదాన్ని ఎవరైనా మతంతోనో డ్యూటీతోనో ఇంగ్లీషు చేసి చూడండి, వాక్యం అక్కడే కూలబడుతుంది.

ఇక కర్తవ్యం. ఇది మతం కంటే మెరుగైన అనువాదం, అందుకే ఎక్కువ మోసం చేస్తుంది. గీతకి వచ్చిన ఇంగ్లీషు అనువాదాల్లో చాలాచోట్ల స్వధర్మం డ్యూటీ అయింది, అది చదివినవాళ్ళు ధర్మం అంటే చెప్పిన పని మారుమాట లేకుండా చెయ్యడమే అనుకుంటున్నారు. అది ఎంత పొరపాటో మహాభారతమే కర్ణపర్వంలో చూపిస్తుంది.

యుద్ధం పదిహేడో రోజు. కర్ణుడి బాణాలకి ఒళ్ళంతా గాయాలై ధర్మరాజు శిబిరానికి వచ్చి పడుకున్నాడు. అన్నగారు ఎలా ఉన్నారో చూద్దామని అర్జునుడు కృష్ణుడితో కలిసి వస్తాడు. కర్ణుణ్ణి చంపే వచ్చాడనుకుని ధర్మరాజు సంతోషిస్తాడు. ఇంకా చంపలేదని తెలిసి, నొప్పితో, అవమానంతో నోటికొచ్చినట్టు తిడతాడు. నీ గాండీవాన్ని ఇంకెవరికైనా ఇచ్చెయ్యి అంటాడు. అర్జునుడు కత్తి దూస్తాడు. ఎందుకంటే గాండీవాన్ని వేరేవాళ్ళకి ఇమ్మన్నవాడి తల తీస్తానని అతనికి ఒక రహస్య వ్రతం ఉంది. మాట నిలబెట్టుకోవడం క్షత్రియుడి కర్తవ్యం. అన్నని కాపాడుకోవడం తమ్ముడి కర్తవ్యం. రెండూ కర్తవ్యాలే, రెండూ నిజమైనవే. కర్తవ్యం అన్న మాట అక్కడ చేతులెత్తేస్తుంది. ఏది గెలవాలో అది చెప్పలేదు.

అప్పుడు కృష్ణుడు కౌశికుడి కథ చెబుతాడు. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన తపస్వి అతను. దొంగలకి భయపడి కొందరు అడవిలో దాక్కున్నారు. దొంగలు వచ్చి వాళ్ళెటు పోయారని అడిగారు, కౌశికుడు నిజం చెప్పాడు, దొంగలు వాళ్ళని చంపేశారు. కౌశికుడు నరకానికి పోయాడు. తన నియమం తు.చ. తప్పకుండా పాటించి నరకానికి పోయాడు. ఈ కథ ముగింపులోనే ఆ ప్రసిద్ధమైన మాట వస్తుంది: "ధారణాద్ధర్మ ఇత్యాహుః, ధర్మో ధారయతే ప్రజాః." పట్టి ఉంచుతుంది కాబట్టి ధర్మం అన్నారు, జనాన్ని నిలబెట్టేది ధర్మం. కర్తవ్యం చేశాడా లేదా అని కాదు లెక్క, చేసినదానివల్ల మనుషులు నిలిచారా కూలారా అని.

మరి వ్రతం సంగతి? కృష్ణుడు దానికీ దారి చూపిస్తాడు. గౌరవించాల్సిన పెద్దని "త్వమ్" అని పిలిస్తే చాలు, అది ఆయన్ని చంపినట్టే అంటాడు. "భవాన్" అనాల్సినచోట "త్వమ్" అనడం. ఇది ఇంగ్లీషువాడికి ఫుట్‌నోటు పెట్టి చెప్పాలి, మనకి అక్కర్లేదు. ఎనభై ఏళ్ళ మేనమామని నలుగురిలో "నువ్వు" అని చూడండి. అర్జునుడు అన్నగారిని నువ్వు అని నిందిస్తాడు, మాట దక్కుతుంది, అన్న దక్కుతాడు. వెంటనే సిగ్గుతో తనని తానే చంపుకోబోతే, నిన్ను నువ్వు పొగుడుకో, ఆత్మహత్యకి అది సమానం అని కృష్ణుడు ఆపుతాడు. రెండు కర్తవ్యాల మధ్య నిలబడి తూచి చూసిన కాటా ఏదైతే ఉందో, అది ధర్మం. కర్తవ్యాలు ఆ పలక మీదికి ఎక్కే సరుకు.

ఇదంతా మా స్నేహితుడొకరికి చెబితే అతను ఊరుకోలేదు. "నువ్వు ఆ మాటని మరీ అందంగా చూపిస్తున్నావు. వర్ణధర్మం అని చెప్పి మా తాతల్ని ఊరి బావి తాకనివ్వలేదు. అది కూడా ధర్మమేగా?" అన్నాడు. అతనికి నేను జవాబు చెప్పే తీరాలి, ఎందుకంటే అతను చెప్పింది జరిగిన చరిత్ర. ధర్మశాస్త్రాల్లో అలాంటి వాక్యాలు ఉన్నాయి, కప్పిపుచ్చడం నాకు చేతకాదు. మన తెలుగుదేశంలో బ్రాహ్మణ కుటుంబాలు ఎక్కువగా చెప్పుకునే ఆపస్తంబ సూత్రంలోనూ ఉన్నాయి. అదే పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది: ధర్మం, అధర్మం "ఇదిగో మేము" అని చెప్పుకుంటూ తిరగవు, దేవతలూ గంధర్వులూ పితరులూ వచ్చి ఇది ధర్మం, ఇది అధర్మం అని చెప్పరు. చిట్టచివరికి వచ్చేసరికి, చెప్పగా మిగిలిన ధర్మాలు ఆడవాళ్ళ దగ్గరా అన్ని వర్ణాలవాళ్ళ దగ్గరా నేర్చుకోవాలని కొందరి మతం అని ఉంటుంది. ఒకే పుస్తకంలో తలుపు మూసే చెయ్యీ ఉంది, గడియ తీసే చెయ్యీ ఉంది. డాక్టర్ అంబేడ్కర్ బౌద్ధం మీద ఇంగ్లీషులో రాసిన ఆఖరి పుస్తకం ఆయన పోయాక 1957లో వచ్చింది. దాని పేరులో ఆయన రిలీజియన్ అన్న మాట పెట్టలేదు, ధమ్మ అనే ఉంచారు. లోపల రిలీజియన్‌కీ ధమ్మకీ తేడా ఏమిటో విడమరిచి వాదించారు. వర్ణధర్మాన్ని ఆయనంత గట్టిగా ఎదిరించినవారు లేరు. అయినా ఈ మాట వదులుకోలేదు.

తెనాలి పెద్దావిడ కూడా ఆ రోజు నాతో ఒక సంగతి చెప్పింది, నేను అడక్కుండానే. వాళ్ళ చలివేంద్రం ఊరి మొదట్లో తాటాకు పందిరి కింద ఉండేదట. ఇసక పోసి తడిపి, దాని మీద వరసగా కుండలు, ఒకదాంట్లో అల్లం, దబ్బాకు వేసిన మజ్జిగ. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తల్లో కొందరికి కంచు గ్లాసుతో ఇచ్చేవాళ్ళు, కొందరికి దూరంగా నిలబెట్టి పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. ఒక ఏడు ఆవిడ భర్త పందిరిలోకి వెళ్ళి గ్లాసులన్నీ ఒక్కచోటే పెట్టించాడు, ఇక ఎవరైనా అవే పుచ్చుకుంటారన్నాడు. ఊళ్ళో పెద్దలు కొందరు వచ్చి, ఇది మన ధర్మం కాదన్నారట. ఆయన లోపలికి వెళ్ళి పెట్టెలోంచి ఈ దస్తావేజే తెచ్చి చదివి వినిపించాడు. "బాటసారులకు అని ఉంది. ఏ బాటసారికో లేదు. వేరుగా పొయ్యడమే ధర్మం కాదు" అన్నాడు.

ఆ వాక్యాన్ని మతంతో చెప్పి చూడండి. "వేరుగా పొయ్యడం మతం కాదు" అంటే అర్థమే మారిపోతుంది. కర్తవ్యంతో చెప్పినా అంతే, "వేరుగా పొయ్యడం నా డ్యూటీ కాదు" అయిపోతుంది, అది తప్పించుకునేవాడి మాట. ఆయన అన్నది అది కాదు. ఊళ్ళో ఆచారంగా నడుస్తున్న ధర్మాన్ని ఇంకా పెద్ద ధర్మం మీద పెట్టి తూచాడు. వర్ణధర్మాన్ని తప్పు పట్టడానికి కూడా తెలుగులో మనకి దొరికే మాట "ఇది ధర్మం కాదు" అన్నదే. ఆ వెసులుబాటు ఈ మాటలోనే ఉంది. డ్యూటీ అని అనువదిస్తే మొదటి సగం మిగులుతుంది, దాన్ని సరిదిద్దే రెండో సగం పోతుంది. మా స్నేహితుడికి నేను చెప్పిన జవాబు ఇదే. అతను పూర్తిగా ఒప్పుకోలేదు. మాట ఎంత మంచిదైనా దాన్ని వాడే హక్కు ఎవరికి ఉండేదన్నది ముఖ్యం అన్నాడు. అది నిజం.

ఆ అనువాదం మళ్ళీ నేనే చేశాను. మూడు రోజులు పట్టింది, పని ఎక్కువై కాదు, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయి. చారిటీ అని రాద్దామనుకున్నాను. పూర్తానికి అది దగ్గరే, కానీ చారిటీలో ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద ఉంటారు. చలివేంద్రంలో ఆ ఎత్తుపల్లాలు ఉండవు, ఎండలో ఎవరైనా బాటసారే. ట్రస్ట్ అని రాద్దామనుకున్నాను, అది చట్టం దృష్టిలో సరైనదే గాని "ధర్మమునకు విఘాతం" అన్నచోట ఆ బరువు రాదు. మన పాత శాసనాల చివర తరచూ కనిపించే శ్లోకం ఒకటి గుర్తొచ్చింది: శత్రువు చేసిన ధర్మాన్ని కూడా కాపాడాలి, శత్రువే శత్రువు గాని ధర్మం ఎవరికీ శత్రువు కాదు అని. అక్కడ ధర్మం అంటే ఒక చెరువు, ఒక తోపు, ఒక సత్రం. రాజు మారినా, వంశం మారినా నిలవాల్సిన వస్తువు. శత్రువు మతాన్నో, శత్రువు డ్యూటీనో కాపాడమని ఏ రాజూ రాతి మీద చెక్కించడు.

చివరికి మాటని మార్చలేదు. రెండుచోట్లా ధర్మం అనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, మొదటిదాని పక్కన ఇలా వివరం పెట్టాను: ఇక్కడ ఈ మాటకి అర్థం ప్రజల మేలు కోసం శాశ్వతంగా నడవాలని పెట్టిన ఏర్పాటు, ఈ దస్తావేజు ప్రకారం అది వేసవిలో దారిన పోయే ఎవరికైనా ఉచితంగా మంచినీళ్ళు, మజ్జిగ ఇచ్చే చలివేంద్రం, ఇందులో పూజ గాని గుడి గాని లేవు. చలివేంద్రం అన్న మాటకీ రెండు వాక్యాలు రాశాను, పందిరి, కుండలు, తడి ఇసక అన్నీ వచ్చేలా.

వారం తర్వాత ఆ అబ్బాయి నాకే ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న గ్లాసుల సంగతి వాళ్ళమ్మ అప్పుడే మొదటిసారి చెప్పిందట. పొలం కౌలు ఎంత వస్తుంది, ఈ ఏడు పందిరి ఎక్కడ వేయించాలి, రోడ్డు వెడల్పు చేశాక పాత చోటు పోయింది కదా అని అడిగాడు. ఊరి మొదట్లో కాకుండా ఇప్పుడు బస్సు ఆగేచోట వేస్తే నయమని చెప్పాను. ఏప్రిల్లో అటుగా వెళ్ళినప్పుడు ఆగి చూశాను. తాటాకులు దొరకలేదేమో, పైన గ్రీన్ నెట్ కట్టారు. కింద ఇసక మాత్రం తడిపే ఉంది. కుర్రవాడొకడు నా పేరూ ఊరూ అడక్కుండా మజ్జిగ గ్లాసు అందించాడు.